144 హెర్ట్జ్ మానిటర్‌కి ఎంత ఎఫ్‌పీఎస్ దగ్గర లాక్ చేయాలి?

అన్నలూ ఒక డౌట్. నాది రైజెన్ 5 3600, మానిటర్ 144 హెర్ట్జ్, పాతది, ఫ్రీసింక్ గట్రా ఏం లేదు. ఒక ఓపెన్ వరల్డ్ గేమ్ ఆడుతున్నా, ఊరి బయట 85-90 వస్తుంది, మార్కెట్లోకి పోతే 64కి పడిపోతుంది. రిజల్యూషన్ 1080 నుంచి 720కి తగ్గించినా అదే 64, జీపీయూ వాడకం 60 శాతం కూడా దాటట్లేదు, అంటే ఆపుతోంది సీపీయూనే కదా.

సరేలే అని 60కి క్యాప్ పెట్టా వీసింక్ ఆన్ చేసి, నంబరు కదలకుండా 60 చూపిస్తుంది కానీ కెమెరా తిప్పితే ఏదో గతుకుల రోడ్డు మీద పోయినట్టుంది. లెక్కేస్తే అర్థమైంది, 144ని 60తో భాగిస్తే 2.4, అంటే ఒక ఫ్రేమ్ రెండు రిఫ్రెష్‌లు ఉంటే ఇంకోటి మూడు ఉంటుంది, 13.9 ఎంఎస్ ఒకసారి 20.8 ఒకసారి. 72 పెడితే బయట వెన్నలా ఉంది, ప్రతి ఫ్రేమ్‌కి సరిగ్గా రెండు రిఫ్రెష్‌లు, కానీ మార్కెట్లో 72 అందుకోలేక మళ్ళీ అదే గోల. 48 పెట్టి చూశా, సమానంగానే ఉంది గానీ మౌస్ బరువుగా అనిపిస్తుంది, నావల్ల కాలేదు.

ఇప్పుడు మానిటర్‌నే 120 హెర్ట్జ్‌కి దించి 60 లాక్ చేద్దామనుకుంటున్నా, ఫ్రేమ్‌కి 16.7 ఎంఎస్, మార్కెట్లో కూడా కాస్త మార్జిన్ ఉంటుంది. లేదా జనం సెట్టింగ్ తగ్గించి 72కే ట్రై చేయాలా? ఇంకోటి, క్యాప్ గేమ్‌లోది వాడాలా RTSSదా? ఇలాంటి సెటప్ ఉన్నోళ్ళు ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ చూసి చెప్పండి ప్లీజ్, యావరేజ్ ఎఫ్‌పీఎస్ నాకొద్దు.