మేనేజర్‌కి ఫార్వర్డ్ చేసే రెండు లైన్లలో ఏం రాయాలి?

బ్రాడీపేట అమ్మాయి, డల్లాస్:
నమస్కారం అండి. మాది గుంటూరు. మొన్న మేలో ఎమ్మెస్ అయింది, చదువయ్యాక ఇక్కడ పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ కార్డు కూడా వచ్చింది. ఒక రిక్రూటర్ ఫోన్ చేసి, "రెజ్యూమె అందింది, నీ గురించి రెండు లైన్లు రాసి పంపు, మేనేజర్‌కి పంపే మెయిల్‌లో పైన పెడతా" అన్నాడు. ఇలా పంపాను: "నేను కష్టపడి పనిచేసే డేటా ఇంజనీర్‌ని. కొత్తవి నేర్చుకోవడం ఇష్టం. మంచి అవకాశం కోసం చూస్తున్నాను." మళ్లీ ఉలుకూ పలుకూ లేదు. ఏం మార్చమంటారు?

పటమట అన్న, న్యూజెర్సీ:
అమ్మా, లైన్ల సంగతి తర్వాత, ముందు వాడెవడో కనుక్కో. నేను వచ్చిన కొత్తలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు నా మూడేళ్ల అనుభవాన్ని ఏడేళ్లు చేసి పంపేశారు. నాకు చెప్పనే లేదు. ఇంటర్వ్యూలో మేనేజర్ "మీ ఏడేళ్లలో పెద్ద ప్రాజెక్టు ఏది?" అంటే నాకు నోట మాట రాలేదు. మూడేళ్లే అని చెప్పాను, కాసేపటికే కాల్ అయిపోయింది. వీళ్లని అడిగితే "మార్కెట్‌లో అందరూ అంతే సార్, మీరే మేనేజ్ చేసుకోవాలి" అని నా మీదే ఎగిరారు. అందుకే, మెయిల్ పంపేటప్పుడు నీకూ కాపీ పెట్టమను. ఇంకోటి, డిగ్రీ చేతికొచ్చిన రోజు నుంచి 90 రోజుల్లో ఉద్యోగం రాకపోతే ఇంటికే, గుర్తుంచుకో.

బెజవాడ నైట్ షిఫ్ట్:
అన్నా, ఆ 90 రోజులు డిగ్రీ నుంచి కాదు, ఓపీటీ కార్డు మీద ఉన్న మొదలు తేదీ నుంచి లెక్క. అది కూడా ఉద్యోగం లేని రోజులే. పిల్లకి లేనిపోని టెన్షన్ పెట్టకండి.

చెల్లెమ్మా, బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో కూర్చుని రాత్రంతా అమెరికా ఉద్యోగాలకు మనుషుల్ని పంపడమే నా పని. మెయిల్ నా పేరుతో వెళ్తుంది. నీ లైన్లు ఉన్నవి ఉన్నట్టు అతికిస్తే, కష్టపడేదీ అవకాశం వెతుక్కునేదీ నేనే అన్నట్టుంటుంది. ప్రతి "నేను"నీ "ఈమె"గా మార్చాలి. తెల్లవారుజామున మూడింటికి అంత ఓపిక ఉండదు, పక్కవాళ్లది రెడీగా ఉంటే అదే పంపేస్తాను. కాబట్టి నీ పేరుతో మొదలుపెట్టి, ఇంకొకరు చెబుతున్నట్టు రాయి. ఫోన్ నంబరు, లింకు పెట్టకు. మధ్యలో వెండర్ ఉంటే ఎలాగూ తీసేస్తాడు. ఇంతకీ ఆ ఉద్యోగానికి వాళ్లు అడిగిందేంటి, నువ్వు చేసిందేంటి?

బ్రాడీపేట అమ్మాయి, డల్లాస్:
అడిగింది ఎస్‌క్యూఎల్, పైథాన్, స్నోఫ్లేక్. హైదరాబాద్‌లో రెండేళ్లు మందుల షాపుల అమ్మకాల డేటా చూశాను. రాత్రి పూట డేటా లోడ్ కావడానికి నాలుగు గంటలు పట్టేది, దాన్ని 50 నిమిషాలకు తెచ్చాను. స్నోఫ్లేక్ మాత్రం ఎమ్మెస్ ప్రాజెక్టులోనే వాడాను.

బెజవాడ నైట్ షిఫ్ట్:
అసలు సరుకంతా ఇక్కడ పెట్టుకుని అక్కడ "కష్టపడతాను" అని రాశావా! ఇంగ్లీషులో ఈ అర్థం వచ్చేలా రాయి:

"ఫలానా అమ్మాయి డేటా ఇంజనీర్, మందుల షాపుల అమ్మకాల డేటాపై రెండేళ్లు ఎస్‌క్యూఎల్, పైథాన్‌తో పనిచేసి, నాలుగు గంటల రాత్రి లోడ్‌ను 50 నిమిషాలకు తగ్గించారు. ఈ మేలో ఎమ్మెస్ పూర్తయింది, అందులో స్నోఫ్లేక్‌పై ప్రాజెక్టు చేశారు. డల్లాస్‌లోనే ఉన్నారు, వారంలో చేరగలరు."

స్నోఫ్లేక్ ప్రాజెక్టు అని ఉన్నది ఉన్నట్టే చెప్పాం చూడు, పటమట అన్నకి పట్టిన గతి నీకు పట్టదు. బోల్డ్, బుల్లెట్లు వద్దు. వర్డ్ నుంచి అతికిస్తే అక్షరాల సైజు వేరుగా పడి, తెచ్చి అంటించినట్టు తెలిసిపోతుంది. నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసి పంపు.

తెనాలి ఆంటీ, చికాగో:
మా అబ్బాయి పేజీన్నర కవర్ లెటర్ రాస్తాడమ్మా, చాలా బాగుంటుంది. పంపమంటావా?

పటమట అన్న, న్యూజెర్సీ:
అది వేరండీ, ఇక్కడ రెండు లైన్లే. తమ్ముడూ, వీసా సంగతి రాయలేదేం? రాయకపోవడమే మంచిదిలే. ఓపీటీ అని చూడగానే పక్కన పడేస్తారు.

బెజవాడ నైట్ షిఫ్ట్:
పొడుగు అవుతుందని వదిలేశాను గానీ, నన్నడిగితే రాయాలనే అంటాను. నేను పంపిన ప్రతి మెయిల్‌కీ తిరిగి వచ్చే మొదటి ప్రశ్న అదే. ఆ ఒక్క జవాబు కోసం రెండు రోజులు పోతాయి. "ఓపీటీ, 24 నెలల స్టెమ్ పొడిగింపుకు అర్హత ఉంది" అంటే సరిపోతుంది. కంపెనీ ప్రభుత్వం వారి ఈ-వెరిఫైలో నమోదై లేకపోతే ఆ పొడిగింపు ఎలాగూ కుదరదు, ముందే తేలిపోవడం నయం.

పటమట అన్న, న్యూజెర్సీ:
ఫోన్‌లో మాట్లాడి మెప్పించాక చెప్పడం వేరు, ముందే రాసి తలుపు మూసుకోవడం వేరు. మీకేం, ఒకరు కాకపోతే ఇంకొకరు.

బ్రాడీపేట అమ్మాయి, డల్లాస్:
థాంక్స్ అన్నయ్యా. వీసా ముక్క కలిపి ఒకటి, లేకుండా ఒకటి రాసుకున్నాను. ఈ రిక్రూటర్ ముందే అడిగాడు కాబట్టి కలిపిందే పంపుతున్నా. పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలు కూడా ఇమ్మంటున్నాడు, అవి ఇవ్వచ్చా?

బెజవాడ నైట్ షిఫ్ట్:
ఆ రెండు లైన్లలో మాత్రం వద్దు, ఎన్ని చేతులు మారుతుందో తెలీదు. క్లయింట్ ఎవరో చెప్పి, నీ తరఫున పంపుతున్నామని రాతపూర్వకంగా అనుమతి అడిగితే అప్పుడు ఆలోచించు. క్లయింట్ పేరు చెప్పాడా?