అన్న ముఖం తమ్ముడి ఫోటోలో పెట్టాలి, దవడ దగ్గర కుదరడం లేదు

స్టూడియో, నరసన్నపేట

అందరికీ నమస్కారం. సంవత్సరీకానికి పటం కట్టించుకోవాలని ఒక కుటుంబం వచ్చింది. పెద్దాయన డెబ్బై ఏళ్లకు పోయారు. ఆయన ముఖం తేటగా ఉన్న ఫోటో ఒక్కటే దొరికింది, అదీ నలభై ఏళ్లప్పటిది. సన్నటి, పొడుగు ముఖం. పంచె, కండువాతో కుర్చీలో కూర్చున్న ఫోటో కావాలన్నారు. ఆయన తమ్ముడు అలా కూర్చున్న ఫోటో ఇచ్చారు. తమ్ముడికి అరవై అయిదు, గుండ్రటి ముఖం, బుగ్గలు నిండుగా ఉంటాయి. ఆయన కూడా సరేనన్నారు, పటం ఇంట్లోకే.

ముందు ముఖాలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశాను. కళ్ళు, ముక్కు పెద్దాయనవే వచ్చాయి గానీ దవడ తమ్ముడిదే. కొడుకు చూసి "ఈయన మా నాన్న కాదండీ" అన్నాడు. తరవాత ఫోటోషాప్‌లో ముఖం కత్తిరించి అతికించాను. గడ్డం కిందకి దిగిపోయింది. పైకి నొక్కితే ముఖం వాచినట్టు అయిపోయింది. ఏటి చెయ్యాలో చెప్పండి, పటం ఇవ్వాల్సిన రోజు దగ్గరికొచ్చేసింది, టెన్షన్‌గా ఉంది.

ఫ్లెక్సీ డిజైనర్, ఆమదాలవలస

తమ్ముడూ, నిలువుగా నొక్కడమే తప్పు. ముఖాన్ని ఎప్పుడూ నాలుగు వైపులా ఒకే లెక్కన తగ్గించాలి. Shift పట్టుకుని మూల లాగు, కొలత చెడదు. తరవాత Liquify లోకి వెళ్ళి దవడ వెడల్పు పెంచితే తమ్ముడి ముఖంలో సరిగ్గా కూర్చుంటుంది. రాజకీయ నాయకుల ఫ్లెక్సీలకు మేం రోజూ చేసే పనే ఇది.

స్టూడియో, నరసన్నపేట

Shift పట్టుకునే లాగాను అన్నా. అయినా ముఖం పక్కకి సాగుతోంది.

ఆల్బం డిజైనర్, విజయనగరం

ఫోటోషాప్ 2019 వెర్షన్ నుంచి ఆ పద్ధతి తిరగబడింది తమ్ముడూ. ఇప్పుడు Free Transform లో ఏ కీ పట్టుకోకుండా లాగితేనే కొలత నిలుస్తుంది, Shift పడితే చెడుతుంది. పాత వెర్షన్‌లో అన్నయ్య చెప్పిందే కరెక్ట్. పాత అలవాటే కావాలంటే Preferences లో General కి వెళ్ళి Use Legacy Free Transform టిక్ పెట్టుకో.

కానీ అసలు చిక్కు అది కాదు. కొడుకు ముందే చెప్పేశాడు, తమ్ముడి దవడతో ఆయన వాళ్ళ నాన్న కాడు. మరి Liquify లో పెద్దాయన దవడను తమ్ముడి దవడంత వెడల్పు చేస్తే మళ్ళీ అదే మనిషి వస్తాడు కదా. ముఖం ఆకారం వేరుగా ఉన్న ఇద్దరిని కలిపేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే, దవడ ఎవరిది ఉంచాలి అని. రెండింటినీ రాజీ చెయ్యబోతే ఇద్దరూ కాని మూడో మనిషి తయారవుతాడు.

నువ్వు వాడిన సాఫ్ట్‌వేర్‌లో ఏ మోడల్ ఉంది? inswapper_128 రకందైతే అది 128 పిక్సెళ్ల చదరంలో ముఖం లోపలి భాగాన్నే మారుస్తుంది. ముఖం అంచు, దవడ గీత, నుదురు అన్నీ కింద ఉన్న ఫోటోవే. ఎన్నిసార్లు చేసినా దానితో పెద్దాయన దవడ రాదు. ఇద్దరి ముఖాలూ ఒకే ఆకారంలో ఉంటే అది చక్కగా పనిచేస్తుంది. మీ కేసుకి కాదు.

రెండు ఫోటోల్లోనూ మూడు కొలతలు తీసి పెట్టు: కనుపాప నుంచి కనుపాపకు, కళ్ళ గీత నుంచి గడ్డం చివరకి, పెదవుల ఎత్తులో దవడ ఈ అంచు నుంచి ఆ అంచుకి. ఇద్దరూ కెమెరా వైపు నేరుగా చూస్తున్నారా? తల ఏ మాత్రం తిరిగినా కళ్ళ మధ్య కొలత తగ్గిపోతుంది, లెక్కంతా తప్పుతుంది.

టైలరింగ్ షాపు, రాజాం

అక్కా, నాదీ ఇలాంటిదే. మా నాలుగేళ్ల పాప ముఖాన్ని పట్టుచీర కట్టుకున్న పెద్దమ్మాయి ఫోటోలో పెట్టి ఇమ్మన్నాను. మా ఊరి కుర్రాడు చేశాడు గానీ మరుగుజ్జులా ఉంది, చూడబుద్ధి కావడం లేదు. వాడికి పని రాదా?

ఆల్బం డిజైనర్, విజయనగరం

పని రాక కాదండీ. పెద్దవాళ్ళకి కళ్ళు తల ఎత్తులో ఇంచుమించు సగం దగ్గర ఉంటాయి. చిన్నపిల్లలకి సగం కన్నా కిందకి ఉంటాయి. నుదురు పెద్దది, గడ్డం చిన్నది. కళ్ళు కళ్ళకి సరిపెడితే పాప గడ్డం ఆ అమ్మాయి కింది పెదవి దగ్గరే అయిపోతుంది, దాని కింద ఆమె గడ్డం మిగిలిపోతుంది. గడ్డాలు కలిపితే కళ్ళు బుగ్గల మీదకి దిగిపోతాయి. ఎంత పనిమంతుడికైనా అది కుదరదు. పాపకే పట్టులంగా కుట్టి ఒక ఫోటో తీయించండి, కుట్టేవాళ్ళు మీరే కదా.

స్టూడియో, నరసన్నపేట

కొలతలు తీశాను అప్పా. ఇద్దరూ నేరుగానే చూస్తున్నారు. పెద్దాయన స్కాన్‌లో కళ్ళ మధ్య 240 పిక్సెళ్లు, కళ్ళ నుంచి గడ్డానికి 444, దవడ 360. తమ్ముడి ఫోటోలో కళ్ళ మధ్య 180, గడ్డానికి 300, దవడ 334.

ఆల్బం డిజైనర్, విజయనగరం

ఇక చూడు. 180ని 240తో భాగిస్తే 75 శాతం. పెద్దాయన ఫోటోని ఆ లెక్కకి తగ్గించి ఆపెయ్. నలభై నుంచి డెబ్బై మధ్యలో ముక్కు కొస దిగొచ్చు, చెవి తమ్మె సాగొచ్చు, బుగ్గ జారొచ్చు గానీ కళ్ళ మధ్య దూరం దాదాపుగా మారదు. అందుకే దాన్నే పట్టుకోమంటున్నాను.

75 శాతానికి ఆయన గడ్డం 333 దగ్గరికి వస్తుంది. తమ్ముడిది 300. అంటే 33 పిక్సెళ్లు కిందకి దిగుతుంది. నువ్వు దాన్ని 300కి నొక్కావు, అంటే ఎత్తులో పదో వంతు పోయింది. వాచినట్టు కనిపించింది అందుకే. ఆ 33 దిగనియ్యి. అది ఆయన ముఖమే.

దవడ 360 కాస్తా 270 అవుతుంది. తమ్ముడిది 334. అంటే చెరో పక్కా 32 పిక్సెళ్లు తమ్ముడి బుగ్గలు బయటికి కనిపిస్తాయి. ముఖం ఒక్కటే అతికిస్తే ఈ మిగులు ఎక్కడికీ పోదు. కాబట్టి తల మొత్తం మార్చు. జుట్టు, చెవులు, దవడ, గడ్డం కింద రెండు వేళ్ల మెడతో సహా పెద్దాయన తల తీసుకో. తమ్ముడి తలని వెనకాల గోడ రంగుతో పూర్తిగా చెరిపేసి, ఆ తరవాత దీన్ని పెట్టు. అతుకు మెడ మీద, కండువా పక్కన పడాలి. ముఖం మీద ఎక్కడా పడకూడదు.

స్టూడియో, నరసన్నపేట

తల పెట్టాను. దవడ బాగుంది. కానీ మెడ దగ్గర ఏదో తేడాగా ఉంది. ఏటో చెప్పలేకపోతున్నాను.

ఆల్బం డిజైనర్, విజయనగరం

ఫోటో గ్రూపులో పెట్టకు, ఆ కుటుంబం వాళ్ళది. నాకు విడిగా పంపు.

చూశాను. రెండు తేడాలున్నాయి. ఒకటి, మెడ మీద తమ్ముడి దవడ నీడ అలాగే ఉండిపోయింది. కొత్త దవడ సన్నంగా ఉంది, నీడేమో దానికి బయట వెడల్పుగా వంపు తిరిగి కనిపిస్తోంది. అంటే ఒక గడ్డానికి రెండు నీడలు. పాతది చెరిపి, కొత్త గడ్డం కింద మెత్తటి బ్రష్‌తో వేరే లేయర్ మీద మల్టిప్లైలో కొత్త నీడ వెయ్యి. వెలుగు తమ్ముడి ఫోటోలో ఎడమ నుంచి వస్తోంది, నీడ కుడి వైపు చిక్కగా ఉండాలి.

రెండోది, మెడ లావు. చెవి తమ్మె నుంచి నిలువుగా ఒక గీత గియ్యి. ఆయన పాత ఫోటోలో మెడ ఆ గీతకి లోపల ఉంది. ఇప్పుడేమో బయటికి వచ్చింది. మెడని రెండు వైపులా కండువా దాకా సన్నం చెయ్యి, భుజాలు కదపకు. కండువా ఉండడం నీ అదృష్టం, అతుకు దాని చాటున పోతుంది.

అయ్యాక కాన్వాస్‌ని అడ్డంగా తిప్పి, బొటనవేలి గోరంత చేసి చూడు. తల భుజాల మీద తేలుతున్నట్టు ఉంటే అప్పుడు తెలుస్తుంది. చూశాక మళ్ళీ మామూలుగా తిప్పెయ్యి. పాపిడి, పుట్టుమచ్చ పక్క మారితే ఇంట్లో ఆడవాళ్ళు వెంటనే పట్టేస్తారు.

డిగ్రీ విద్యార్థి, టెక్కలి

నా ఓటరు కార్డు ఫోటోలో ముఖం బాగాలేదు. ఇదే పద్ధతిలో కొత్త ముఖం పెట్టుకోవచ్చా?

ఫ్లెక్సీ డిజైనర్, ఆమదాలవలస

గుర్తింపు కార్డుల జోలికి పోకు బాబూ. కొత్త ఫోటో తీయించుకుని మార్పుకి దరఖాస్తు పెట్టుకో. అది వేరే విషయం.

అప్పా, ఒక్క అనుమానం. పెద్దాయన డెబ్బై ఏళ్లకి పోయారు కదా. అప్పటికి పళ్ళు ఊడిపోయి ఉంటే గడ్డం పైకి వచ్చేస్తుంది. మరి 333 ఉంచడం ఎలా సరైంది?

ఆల్బం డిజైనర్, విజయనగరం

మంచి మాట అడిగారు, నేను ఆ సంగతి తీయలేదు. తమ్ముడి ముఖం పొట్టిగా ఉండడానికి పళ్ళు లేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. పళ్ళు పోయి కట్టుడు పళ్ళు పెట్టుకోనివాళ్ళకి ముక్కు కింద నుంచి గడ్డం దాకా తగ్గిపోతుంది, పెదవులు లోపలికి పోతాయి. తమ్ముడూ, పెద్దాయనకి చివర్లో పళ్ళు ఉన్నాయా అని అడుగు. ఉంటే 333 అలాగే ఉంచు. లేకపోతే పెదవుల కింద భాగాన్ని మాత్రం కాస్త పైకి తీసుకో, కళ్ళు, బుగ్గ ఎముక కదపకు.

స్టూడియో, నరసన్నపేట

అడిగాను. కట్టుడు పళ్ళు చివరిదాకా పెట్టుకున్నారట. గడ్డం అలాగే ఉంచేశాను. కొడుకు చూసి చాలాసేపు ఏమీ అనలేదు, తరవాత "నాన్నే" అన్నాడు.

కానీ ఇప్పుడు ఇంకో తగువు. కొడుకేమో జుట్టు నెరిపించి, ముడతలు పెట్టి డెబ్బై ఏళ్లలా చెయ్యమంటున్నాడు. వాళ్ళమ్మగారు నలభై ఏళ్ల ముఖమే ఉంచమంటున్నారు. ముడతలు తమ్ముడి ఫోటో నుంచి తీసుకోవచ్చా?

ఫ్లెక్సీ డిజైనర్, ఆమదాలవలస

తీసుకో. అన్నదమ్ములే కదా, ముడతలు ఒకేలా ఉంటాయి.

ఆల్బం డిజైనర్, విజయనగరం

అక్కడ నేను ఒప్పుకోను. ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగే ముడత బుగ్గ బరువును బట్టి పడుతుంది. తమ్ముడిది నిండు బుగ్గ, ఆ ముడత లోతుగా, వంపుగా ఉంది. సన్న ముఖం మీద అది పెడితే మళ్ళీ తమ్ముడే కనిపిస్తాడు, ఇంత పనీ వృథా. నుదుటి గీతలు, కంటి కొసల దగ్గర సన్న గీతలు మాత్రం తీసుకోవచ్చు, అదీ ముప్పై నలభై శాతం అపాసిటీతో. బుగ్గ జోలికి వెళ్ళకు. ముఖం నున్నగా చేసే ఎన్‌హాన్సర్ ఏదైనా ఆన్‌లో ఉంటే ఆపెయ్, ఉన్న గీతలు కూడా అదే తుడిచేస్తుంది.

జుట్టు నెరిపిస్తే కనుబొమలు, మీసం కూడా దానికి తగ్గట్టు ఉండాలి. ఆయన మీసం చివర్లో నెరిసిందా, రంగు వేసుకునేవారా? అది ఇంట్లోవాళ్ళే చెప్పాలి.

స్టూడియో, నరసన్నపేట

రంగు వేసుకునేవారని అమ్మగారు, లేదని కొడుకు. రెండు ప్రింట్లు తీసి చూపిస్తాను, నెరిసింది ఒకటి, నెరవనిది ఒకటి. రెండింట్లోనూ దవడ మాత్రం ఒకటే.