460 మోటార్లు పంచితే 461 వస్తున్నాయి

కొత్త ఎంఐఎస్: నిరుడు మా అయిదు ఏరియాల్లో అమ్మినవి 400 మోటార్లు: గుంటూరు 131, నెల్లూరు 93, ఒంగోలు 77, తిరుపతి 62, కర్నూలు 37. ఈ ఏడాది టార్గెట్ 460. ఎక్సెల్లో నిరుటి లెక్కన పంచి ROUND పెడితే కూడిక 461 అవుతోంది. ఆ ఒక్కటి ఎవరి దగ్గర తగ్గించాలి?

పెద్ద డిపో: గుంటూరులో తీసేయండి. 151 కాస్తా 150 అయితే ఎవరికీ కనపడదు. మేమెప్పుడూ అంతే.

లెక్కల మావయ్య: కనపడకపోతే సరైపోదండీ. ముందు అందరికీ దశాంశం వదిలేసి ఇవ్వండి: 150, 106, 88, 71, 42. మొత్తం 457. ఇంకా మూడున్నాయి. వదిలేసిన ముక్క ఎవరిది పెద్దదైతే వాళ్ళకి ముందు. నెల్లూరుది 0.95, గుంటూరుది 0.65, చెరొకటి. గుంటూరుకి తగ్గిస్తే 0.65 కిందికి పోయి, 0.55 వాళ్ళిద్దరూ పైకెక్కుతారు. ఒంగోలు, కర్నూలు ఏం పాపం చేశాయి?

కొత్త ఎంఐఎస్: ఆ రెండూ 0.55 దగ్గరే ఉన్నాయి కదా, మూడోది ఎవరికి?

పెద్ద డిపో: ఒక్క మోటారుకి ఇంత రాద్ధాంతమా!

సీమ సేల్స్: మీకు ఒక్కటే సార్. మా ఇన్సెంటివ్ నూటికి నూరు శాతం కొడితేనే. ఒకసారి ఒక్క మోటారు తక్కువై మూడు నెలల ఇన్సెంటివ్ పోయింది నాకు. మార్చి 31 రాత్రి తొమ్మిదింటిదాకా ఒక డీలర్ కొట్టు ముందు నిలబడ్డాను, బిల్లు కొట్టలేదు.

లెక్కల మావయ్య: అందుకే సమానమైతే పెద్దదానికి వేయాలి. 42 మీద ఒకటి బరువు, 88 మీద తేలిక. ఒంగోలు 89, కర్నూలు 42. ఇది నియమం కాదు, నా అభిప్రాయం. కానీ ఏదో ఒకటి పంచకముందే రాసిపెట్టుకోండి. దశాంశాల మీద RANK వద్దు, కంప్యూటర్లో సమానమైనవి కూడా వెంట్రుకవాసి తేడాతో కనిపించొచ్చు. B2లో నిరుటి అమ్మకం పెట్టి, శేషం పూర్ణాంకంగా తీయండి:

```
=QUOTIENT(B2*460,400)
=MOD(B2*460,400)
```

ఒంగోలుకీ కర్నూలుకీ శేషం 220 వస్తుంది. అన్ని శేషాలూ కలిపితే 1200, అంటే సరిగ్గా మూడు.

సీమ సేల్స్: ఒకటి తీయడం, వేయడం సరే. నేను నిరుడు కష్టపడి 37 చేస్తే ఈసారి నెత్తిన ఇంకా ఎక్కువ. పడుకున్నవాడికి తక్కువ. ఇది పంపకమా, శిక్షా?

పెద్ద డిపో: అయితే అందరికీ సమానంగా వేయమంటారా? గుంటూరు మార్కెట్టూ కర్నూలు మార్కెట్టూ ఒకటేనా?

సీమ సేల్స్: అలా అనలేదు. ఒక్క ఏడాది చూడొద్దంటున్నా. మూడేళ్ళ సరాసరి తీయండి.

లెక్కల మావయ్య: అది మీరూ మేనేజరూ తేల్చుకోవాలి, లెక్క తేల్చదు. ఇంకో మాట. మధ్యలో టార్గెట్ పెంచితే ఈ పద్ధతిలో ఒకరిది తగ్గొచ్చు కూడా. అమెరికాలో 1880 జనాభా లెక్కలప్పుడు సభలో 299 సీట్లయితే అలబామాకి 8, 300 అయితే 7 వచ్చాయి. పెంచినప్పుడు ఎవరిదైనా తగ్గిందేమో చూసుకోండి.

కొత్త ఎంఐఎస్: ఒంగోలు 89 పెట్టాను, 460 వచ్చింది. మూడేళ్ళ అమ్మకాలు మాత్రం నా దగ్గర రెండు ఏరియాలకే ఉన్నాయి.