వారంటీ దాటిన మోటరు, "మన్నించలేము" అనే మాట

హాలియా, మోటర్ల దుకాణం
అందరికీ నమస్కారం. మాది బోరు మోటర్ల దుకాణం, వెనక వైండింగ్ షెడ్డు. ఒక రైతు 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటరు తెచ్చిండు, కాలిపోయింది. బిల్లు తేదీ 14-2-2024. వారంటీ బిల్లు తేదీ నుంచి 12 నెలలు. ఆయన మోటరు తెచ్చింది 5-3-2025న, అంటే గడువు దాటి 20 రోజులు. కంపెనీకి ఫోన్ చేసిన, ఒప్పుకోలేదు. పాత గిరాకీ కాబట్టి మా కూలీల సగం తగ్గించి బాగు చేసిస్తమని చెప్పిన. "నోటిమాట వద్దు, కాగితం మీద రాసియ్యి" అంటున్నడు. ఇట్ల రాసిన:

"మీ వారంటీ చెల్లదు. కావున మీ విన్నపమును మన్నించలేకపోతున్నాము. అయితే రాయితీపై మరమ్మత్తు చేయబడును."

మా షెడ్డుల పిల్లగాడు చదివి "ఆయన ఏం తప్పు చేసిండన్నా, మన్నించనంటున్నవు" అన్నడు. అప్పటి నుంచి ఇది ఇయ్యాలంటే చెయ్యి ఆడుతలేదు. ఎట్ల రాయాలె?

నల్లగొండ, రిటైరైన తెలుగు పండితుణ్ణి
మీ పిల్లగాడు సరిగ్గానే పట్టుకున్నాడు తమ్ముడూ. మన్నించడమంటే గౌరవించి ఒప్పుకోవడం, క్షమించడం, రెండూ. దరఖాస్తుల భాషలో మొదటి అర్థం బతికి ఉంది. ఇంట్లో, వీధిలో మాత్రం "తప్పయింది, మన్నించు" అన్నదే వింటాం. మోటరు కాలి, పొలం ఎండుతున్న మనిషికి రెండోదే ముందు తగులుతుంది.

నాకు అంతకంటే ఇబ్బంది "చెల్లదు" దగ్గర. చెల్లని నోటు, చెల్లని ఓటు అంటాం. దొంగదో, లెక్కకు రానిదో అని అర్థం. ఆయన కార్డు అట్లాంటిది కాదు గదా. ఫిబ్రవరి 13 దాకా చక్కగా చెల్లింది. మీ కాగితం చదివితే "నా కార్డే నకిలీదంటున్నాడు" అనుకునే ప్రమాదముంది. చెప్పాల్సింది గడువు ముగిసిందని మాత్రమే. తేదీ రాస్తే వాదన ఉండదు:

"ఈ మోటరు వారంటీ గడువు 13-2-2025తో ముగిసింది. మీరు మోటరు తెచ్చింది 5-3-2025న. అందువల్ల ఉచితంగా బాగు చేసి ఇవ్వలేము."

"చేయబడును" వద్దు. ఎవరు చేస్తారు? మీరే గదా. "చేసి ఇస్తాము" అనండి. ఇంకోటి, అది మరమ్మత్తు కాదు, మరమ్మతు. ఉర్దూ నుంచి వచ్చిన మాట, తకు ఒత్తు అక్కరలేదు. అయినా మీ దగ్గర అందరూ రిపేరే అంటారు, రిపేరనే రాయండి.

మహబూబ్‌నగర్, కోర్టు దగ్గర టైపింగ్ సెంటర్
భాష సంగతి సరే, అసలు మీరు కాదనడానికి వీల్లేదు. వినియోగదారుల చట్టంలో రెండేండ్ల గడువుంది. 12 నెలలని కార్డు మీద ఏం రాసుకున్నా రెండేండ్ల దాకా బాధ్యత మీదే. ఇట్లాంటి కేసులకు మా దగ్గర బోలెడు టైపు చేసినం.

సూర్యాపేట, పంపుల సర్వీసు సెంటర్‌లో చేసినవాణ్ణి
రెండేండ్లన్న మాట నిజమే గానీ అది వేరే దానికి. 2019 చట్టం 69వ సెక్షన్ ప్రకారం, వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేండ్లలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. కేసు వేసేటందుకు గడువది. వారంటీని రెండేండ్లు చేయదు. ఆయన గడువులోపల ఫిర్యాదు చేస్తే మీరు పట్టించుకోలేదనుకోండి, అప్పుడు ఆ రెండేండ్లు పనికొస్తాయి.

కాబట్టి హాలియా అన్నా, ఒకటి చూసుకోండి. ఫిబ్రవరి 13కు ముందు ఆయన మీకు గానీ కంపెనీ నంబరుకు గానీ ఫోన్ చేసిండా? "నీళ్లు తక్కువ వస్తున్నయి", "మోటరు వేడెక్కి ఆగుతున్నది" అన్నా చాలు, ఫిర్యాదు గడువులోపల చేసినట్టే. మోటరు తెచ్చిన తేదీ పట్టుకొని కాదంటే అది మీ మెడకే చుట్టుకుంటది. అదే మోటరు వారంటీలో ఒకసారి రిపేరుకు వచ్చి, మళ్లీ అదే జాగాల పోయినా లెక్క మారుతది. ఇంకో మాట, కొన్ని కంపెనీల కార్డుల మీద "బిల్లు తేదీ నుంచి 12 నెలలు, లేదా తయారైన తేదీ నుంచి 18 నెలలు, ఏది ముందయితే అది" అని ఉంటది. మీ కార్డుల ఏముందో చదివి, ఆ తేదీనే రాయండి.

హాలియా, మోటర్ల దుకాణం
కాల్ రిజిస్టరు చూసిన. గడువులోపల ఆయన ఫోన్ ఒక్కటి లేదు. కంపెనీ నంబరుకు కూడ చేయలేదని ఆయనే చెప్పిండు. కార్డు మీద బిల్లు తేదీ నుంచి 12 నెలలు, అంతే. మోటరు విప్పి చూస్తే రెండు ఫేజుల చుట్లు నల్లగ మాడినయి, మూడోది మంచిగనే ఉన్నది. ఒక ఫేజు పోయినా మోటరు నడిచింది అన్నట్టు. "గడువు దాటింది, పైగా సింగిల్ ఫేజింగ్‌తో కాలింది, అందుకే వారంటీ రాదు" అని రెండు కారణాలూ రాస్తే గట్టిగుంటది గదా?

సూర్యాపేట, పంపుల సర్వీసు సెంటర్‌లో చేసినవాణ్ణి
వద్దు. గడువు ఒక్కటే చాలు. దాని మీద ఆయన ఏం అనలేడు, తేదీలు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. సింగిల్ ఫేజింగ్ అన్నరంటే "కరెంటోళ్ల తప్పు నా మీద వేస్తున్నవా, స్టార్టర్ కూడ నువ్వే ఇస్తివి గదా" అని కొత్త జగడం మొదలైతది. అప్పుడు కారణం రుజువు చేసే బరువు మీ మీద పడుతది.

కానీ ఆ సంగతి దాచొద్దు. అది కాదన్న పేరాల కాకుండా, రిపేరు పేరాల రాయాలె. ఎందుకంటే ఒక ఫేజు పోతే మోటరును ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ స్టార్టర్‌ల లేకుంటే మీరు చుట్టిన కొత్త వైండింగ్ కూడ రేపు అట్లనే పోతది. ఆయన స్టార్టర్ కూడ ఒకసారి చూడండి. చాలా చోట్ల రిలే ఊరికే పడుతున్నదని వైరు తగిలించి దాన్ని పక్కకు పెడుతరు.

కల్వకుర్తి, కిరాణా
నాది గూడ ఇదే బాధ సార్. ఇన్వర్టర్ బ్యాటరీ. వారంటీ ఇంకా ఉన్నప్పుడే కంప్లైంట్ ఇచ్చిన, వాళ్ల మనిషి నెల తర్వాత వచ్చి "గడువు అయిపోయింది, కొత్తది కొనుక్కో, డిస్కౌంట్ ఇస్తం" అంటున్నడు. నన్ను మన్నిస్తరా లేదా?

నల్లగొండ, రిటైరైన తెలుగు పండితుణ్ణి
మిమ్మల్ని మన్నించాల్సింది కాదు, మీరే వాళ్లను మన్నించాలి. మీది హాలియా సంగతికి తలకిందులు. కంప్లైంట్ ఇచ్చినప్పుడు వచ్చిన మెసేజిలో నంబరు, తేదీ ఉంటాయి, వెతకండి.

సూర్యాపేట, పంపుల సర్వీసు సెంటర్‌లో చేసినవాణ్ణి
ఆ తేదీ చూపించి, డిస్కౌంట్ వద్దు, వారంటీ ప్రకారం ఇయ్యమని రాతపూర్వకంగ అడగండి. వినకుంటే 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలా బ్యాటరీల వారంటీల మొదటి నెలల్లో మొత్తం మార్చిస్తరు, తర్వాతి నెలల్లో కొత్తదాని ధరల కొంత తగ్గించి ఇస్తరు. మీది ఏ భాగంలో ఉందో కార్డు చూడాలె.

దేవరకొండ, వ్యవసాయ శాఖలో చేసినాను
అందరూ "రాయితీ" వదిలేశారు. మా రైతులకు రాయితీ అంటే సర్కారు ఇచ్చేది. విత్తనాల రాయితీ, డ్రిప్ రాయితీ. దుకాణం కాగితం మీద రాయితీ అని చూస్తే "ఎక్కడ దరఖాస్తు పెట్టాలె, పాస్‌బుక్కు కావాలా" అని అడుగుతరు. "తగ్గింపు" అనండి.

నల్లగొండ, రిటైరైన తెలుగు పండితుణ్ణి
అంత దూరం ఆలోచిస్తారంటారా? బస్సు పాసుల రాయితీ, రైలు టికెట్ల రాయితీ అనీ అంటున్నాం. పదం తప్పేమీ కాదు.

దేవరకొండ, వ్యవసాయ శాఖలో చేసినాను
అవి కూడా సర్కారువే గదా సార్.

సూర్యాపేట, పంపుల సర్వీసు సెంటర్‌లో చేసినవాణ్ణి
మాట ఏదైనా పక్కన అంకె ఉండాలె. "సగం తగ్గింపు" అని ఊరికే రాస్తే ఆయన మొత్తం ఖర్చుల సగం అనుకుంటడు, మీరు కూలీల సగం అనుకుంటరు. వైండింగ్ తీగ, బుష్షులు ఎంత, కూలీ ఎంత?

హాలియా, మోటర్ల దుకాణం
తీగ, బుష్షులు కలిపి ₹3,800. కూలీ ₹2,400, సగం తీస్తే ₹1,200. మొత్తం ₹5,000. దాని మీద 18 శాతం జీఎస్టీ.

సూర్యాపేట, పంపుల సర్వీసు సెంటర్‌లో చేసినవాణ్ణి
అంటే ₹5,900. కాగితం మీద ₹5,000 అని ఉండి బిల్లు ₹5,900 వస్తే మీరు చేసిన మేలు మొత్తం నీళ్లపాలు. చివరి అంకె రాయండి. బోరుల నుంచి గుంజుడు, మళ్లీ దింపుడు ఎవరి ఖర్చో కూడ. ఇంకోటి, పాత రాగి తీగ. షెడ్డోళ్లు ఉంచుకుంటరు, రైతు తనదంటడు. దాని విలువ పట్టుకొనే రేటు చెప్పినరా లేదా?

హాలియా, మోటర్ల దుకాణం
పట్టుకొనే చెప్పిన. రాగి మాకే. అది రాయాలని తోచలేదు. మీరందరూ చెప్పినట్టు మళ్లీ రాసిన, చూడండి:

"_____ గారికి నమస్కారం.

మీరు 5-3-2025న తెచ్చిన 5 హెచ్‌పీ మోటరును విప్పి చూశాము. ఈ మోటరును 14-2-2024న కొన్నారు. కార్డు ప్రకారం 12 నెలల వారంటీ 13-2-2025తో ముగిసింది. గడువులోపల ఫిర్యాదు ఏదీ మా రిజిస్టరులో లేదు. అందువల్ల ఉచితంగా బాగు చేసి ఇవ్వలేము. అంతకు ముందే మీరు ఫోన్ చేసి ఉంటే, ఆ తేదీ చూపించండి, మళ్లీ చూస్తాము.

మీరు మా పాత గిరాకీ కాబట్టి కూలీలో సగం తగ్గించి రిపేరు చేసి ఇస్తాము. తీగ, బుష్షులు ₹3,800, కూలీ ₹2,400కు బదులు ₹1,200, జీఎస్టీ ₹900. మొత్తం ₹5,900. పాత రాగి తీగ మాకే ఉంటుంది, ఆ లెక్కతోనే ఈ రేటు. బోరులోకి దింపే ఖర్చు మీది. ఈ రేటు 31-3-2025 దాకా ఉంటుంది.

రెండు ఫేజుల వైండింగ్ కాలింది. ఒక ఫేజు పోయినప్పుడు మోటరు నడిస్తే ఇట్లా అవుతుంది. దింపే ముందు స్టార్టర్ ఒకసారి మా దగ్గరికి తెండి, చూడడానికి పైసలు తీసుకోము. కొత్త వైండింగ్‌కు 6 నెలలు మేము పూచీ. రిపేరు వద్దనుకుంటే మోటరును ఉన్నది ఉన్నట్టుగా తీసుకుపోవచ్చు, విప్పినందుకు ఏమీ ఇవ్వనక్కరలేదు."

నల్లగొండ, రిటైరైన తెలుగు పండితుణ్ణి
బాగుంది. "మళ్లీ చూస్తాము" అన్న మాట వల్ల తలుపు మూసినట్టు లేదు. మొదట్లో "చింతిస్తున్నాము" ఒకటి చేరిస్తే మర్యాదగా ఉంటుందేమో.

దేవరకొండ, వ్యవసాయ శాఖలో చేసినాను
వద్దు సార్. ఆ మాట రైల్వే స్టేషన్ మైకులో విని విని ఎవరూ నమ్మరు. "ఎండలు ముదిరే వేళ మోటరు పోవడం కష్టమే" అన్నా దానికంటే మేలు.

మహబూబ్‌నగర్, కోర్టు దగ్గర టైపింగ్ సెంటర్
"పూచీ" దగ్గర ఒక షరతు పెట్టుకోండి. స్టార్టర్ చూపించకుండా దింపి మళ్లీ కాలితే ఆ 6 నెలలు ఎవరి మీద? అది రాయకపోతే అప్పుడు నిజంగానే మా దగ్గరికి వస్తరు.

హాలియా, మోటర్ల దుకాణం
ఆ వాక్యం చేరుస్తున్న. చింతించుడు పెట్టాల్నా వద్దా అన్నది రేపు ఆయన మొహం చూసి చెప్త.