గుణుపురం బ్రాంచ్ మూసేస్తే గిరాకీ రాయగడకి ఎంత మళ్లుతుందో తేలట్లేదు

మాది రాయగడలో మోటార్ పంపుల స్పేర్ పార్ట్స్ షాపు, గుణుపురంలో చిన్న బ్రాంచ్ ఉంది, అది నెలకి 16,000 నష్టం చూపిస్తోంది. కానీ సరుకు ఖరీదు, రవాణా తీసేస్తే అక్కడ కాంట్రిబ్యూషన్ 52,000 మిగులుతోంది. మూస్తే ఆగేవి అద్దె, కరెంటు, ఒక కుర్రాడి జీతం, అంతా కలిపి 31,000. మిగతా 37,000లో పాత గుమస్తా జీతం (ఆయన్ని తీసెయ్యలేం, రాయగడకే తెచ్చుకుంటాం), హెడ్ ఆఫీస్ వాటా ఉన్నాయి, అవి ఎలాగూ కట్టాల్సిందే. అంటే మూస్తే నెలకి 21,000 ఇంకా పోతుంది. ర్యాకులకి పెట్టింది ఎలాగూ పోయిందే కాబట్టి లెక్కలో వెయ్యలేదు.

అయితే అక్కడున్న 8 లక్షల సరుకు ఇక్కడికి తెచ్చి అమ్మేసి కొత్తది కొనకుండా ఓడీలో కడితే 12 శాతం చొప్పున నెలకి 8,000 వడ్డీ తగ్గుతుంది, అప్పుడు తేడా 13,000. గుణుపురం గిరాకీలో పావు వంతు రాయగడకి వచ్చినా సరిపోయింది, అంతకు మించితే మూయడమే లాభం.

ఇరవై మంది మెకానిక్‌లని అడిగా, అందరూ "తప్పకుండా వస్తాం అన్నా" అన్నారు, నాకైతే నమ్మకం లేదు. పాత బిల్లులు తిరగేసినా ఏమీ తేలలేదు.

మూయకముందే ఆ పావు వంతు నిజంగా వస్తుందో లేదో మీరెలా పరీక్షించారు?