ఆఫీసు ఐపీకి ఎంఎఫ్ఏ మినహాయింపు ఇవ్వొచ్చా?

ఆటోనగర్_ఐటీ: మాది విజయవాడలో స్పేర్ పార్ట్స్ కంపెనీ, 22 మందిమి. శనివారం రాత్రి మెయిల్ మైక్రోసాఫ్ట్ 365కి మారుస్తున్నాం. బిజినెస్ ప్రీమియం లైసెన్సులే తీసుకున్నాం, ఆఫీసుకి స్టాటిక్ ఐపీ ఉంది. ఆఫీసులో కూర్చున్నవాళ్లని ఎంఎఫ్ఏ అడగకూడదు, బయట నుంచి లాగిన్ అయితేనే అడగాలి అని మా సార్ పట్టు. అలా పెడితే తప్పా?

పాతకేబుల్: తప్పేముంది? కండిషనల్ యాక్సెస్‌లో `Named locations` తెరిచి ఆఫీసు ఐపీ వేసి, ట్రస్టెడ్ అని టిక్ పెట్టి, ఎంఎఫ్ఏ పాలసీలో దాన్ని మినహాయించడమే. సెక్యూరిటీ డిఫాల్ట్స్ ముందు ఆపాలి, అది మర్చిపోకు. మేం రెండేళ్లుగా ఇలాగే నడుపుతున్నాం, ఒక్క గొడవ లేదు.

నైట్‌డ్యూటీ: గొడవ రాలేదా, వచ్చినా కనబడలేదా అన్నా? ఎంఎఫ్ఏ అడిగితేనే కదా మనిషి ఫోన్ రిజిస్టర్ చేసుకునేది. ఆఫీసులో అడగవు కాబట్టి ఎప్పుడూ సీటు దాటని అకౌంటెంట్ రిజిస్టర్ చేసుకోడు. అతని పాస్‌వర్డ్ దొరికినవాడు బయట నుంచి లాగిన్ అయితే, సిస్టమ్ ఆపదు. "మీ ఆథెంటికేటర్ సెట్ చేసుకోండి" అని మర్యాదగా క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. దొంగ తన ఫోనే తగిలించుకుంటాడు.

నేను ఒకచోట ఇది కళ్లారా చూశాను. ఆడిట్ లాగ్‌లో ఆ అకౌంటెంట్ పేరు మీద `User registered security info` అని ఉంది, టైమ్ తెల్లవారుజాము 2:40. ఆయన్ని అడిగితే "ఆథెంటికేటరా, అదేంటి?" అన్నాడు. అప్పటికే పార్టీలకి బ్యాంకు అకౌంటు మారిందని మెయిళ్లు వెళ్లిపోయాయి.

లారీ_ఆఫీస్: మెయిల్ తెరిచిన ప్రతిసారీ ఓటీపీ అంటే మా డ్రైవర్లతో ఎలా వేగాలండీ? సగం మంది కీప్యాడ్ ఫోన్లు.

నైట్‌డ్యూటీ: ప్రతిసారీ అడగదండీ. ఫోన్‌లో ఔట్‌లుక్ ఒకసారి లాగిన్ అయితే, వాడుతున్నంతకాలం సాధారణంగా మళ్లీ అడగదు. కీప్యాడ్ ఫోన్లవాళ్లకి అసలు మెయిల్‌బాక్స్ కావాలా అన్నది ముందు చూసుకోండి.

ఆటోనగర్_ఐటీ: మరి రిజిస్ట్రేషన్‌కి కాపలా ఎలా సర్?

నైట్‌డ్యూటీ: దానికి వేరే పాలసీ. యాప్‌ల బదులు `User actions`కి వెళ్లి `Register security information` ఎంచుకో. లొకేషన్లు అన్నీ పెట్టి, ఆఫీసు మాత్రం మినహాయించు. గ్రాంట్‌లో ఎంఎఫ్ఏ అడుగు. అప్పుడు కొత్త మనిషి ఆఫీసులోనే రిజిస్టర్ అవ్వాలి. ముందే రిజిస్టరైనవాడు పాత ఫోన్ చేతిలో ఉంటే ఇంటి నుంచే కొత్త ఫోన్‌కి మార్చుకోవచ్చు. టూర్‌లో ఉన్న సేల్స్ కుర్రాళ్లకి `Temporary Access Pass` గంట గడువుతో, ఒక్కసారికే పనికొచ్చేలా ఇవ్వు. అది వాట్సాప్‌లో పంపకు, గొంతు గుర్తుపట్టి ఫోన్‌లో చెప్పు. ఎమర్జెన్సీ అడ్మిన్ అకౌంట్‌ని ఈ పాలసీల్లోంచి తప్పించి, దానికి సెక్యూరిటీ కీ పెట్టు.

శనివారం దాకా ఆగొద్దు. పాస్‌వర్డ్‌లు ఇవాళే ఇచ్చి, టీ టైమ్‌లో నలుగురినలుగురిని కూర్చోబెట్టి `https://aka.ms/mfasetup` తెరిపించు. సాయంత్రం `User registration details`లో `MFA capable` కాలమ్ చూడు. అక్కడ 22 మందీ కనిపించేదాకా ఎంఎక్స్ రికార్డు ముట్టుకోకు.

పాతకేబుల్: సరే, ఇప్పుడే మాది చూశాను. 31 మందిలో ఏడుగురు లేరు. రేపు ఆ పని మీదే ఉంటా. కానీ అందరూ రిజిస్టరయ్యాక ఆఫీసు మినహాయింపు ఉంటే నష్టమేంటి? మా స్కానర్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తోనే మెయిల్ పంపుతుంది. దానికి ఎంఎఫ్ఏ ఎవరు నొక్కుతారు?

నైట్‌డ్యూటీ: ఒక్క స్కానర్ కోసం ఊరందరికీ తలుపు తీస్తావా? దాని అకౌంటు ఒక్కదాన్నే ఎంఎఫ్ఏ నుంచి తప్పించి, ఆఫీసు ఐపీ కాకుండా ఎక్కడి నుంచి వచ్చినా బ్లాక్ చెయ్యి. ఆఫీసు లోపల పీసీకి మాల్వేర్ పడితే అది కూడా నీ ట్రస్టెడ్ ఐపీ నుంచే వస్తుంది మరి.

పాతకేబుల్: మాల్వేర్ పడ్డాక లాగినై ఉన్న సెషన్‌నే ఎత్తుకుపోతుంది. అక్కడ ఎంఎఫ్ఏ చేసేది తక్కువే. నేను ఒప్పుకోను.

వైఫై_వాసు: ఒక మాట. మా ఆఫీసులో ఐపీ సరిగ్గానే వేసినా సగం మందిని ఎంఎఫ్ఏ అడిగేది. సైన్-ఇన్ లాగ్ తెరిస్తే వాళ్ల అడ్రస్ `2401:`తో మొదలవుతోంది. రౌటర్ ఐపీవీ6లో బయటికి పోతోంది, మేం వేసింది ఐపీవీ4 మాత్రమే. ఇంకో సంగతి: స్టాటిక్ తీసుకోకపోతే కొన్ని బ్రాడ్‌బ్యాండ్లలో ఒకే పబ్లిక్ ఐపీ వీధి మొత్తానికి ఉంటుంది. దాన్ని ట్రస్టెడ్ చేస్తే వీధినంతా నమ్మినట్టే.

ఆటోనగర్_ఐటీ: మాదీ `2401:`తోనే ఉంది, ప్రిఫిక్స్ ఫిక్స్‌డా కాదా అని ప్రొవైడర్‌ని అడుగుతున్నా. పొద్దున్నుంచి 19 మంది రిజిస్టరయ్యారు. ఇద్దరు గుంటూరు టూర్‌లో ఉన్నారు, వాళ్లకి పాస్ ఇస్తాను. మిగిలింది మా సారే. "నాకెందుకు?" అంటున్నారు. ఆయన మెయిల్‌బాక్స్ నుంచే పేమెంట్లు అప్రూవ్ అవుతాయి.

నైట్‌డ్యూటీ: ఆ 2:40 సంగతి ఆయనకి చదివి వినిపించు.