గ్రూప్ కన్సాలిడేషన్‌లో 5.60 లక్షల తేడా, నాలుగు గంటలుగా దొరకట్లేదు

హన్మకొండ ఆర్టికల్: మాతృ కంపెనీకి కరీంనగర్ దగ్గర గ్రానైట్ క్వారీ ఉంది. 80 శాతం వాటా ఉన్న అనుబంధ కంపెనీ వరంగల్‌లో పాలిషింగ్ చేస్తుంది. క్వారీ పుస్తకాల్లో రావాల్సింది 48 లక్షలు, పాలిషింగ్ వాళ్ల దగ్గర ఇవ్వాల్సింది 42.40. యార్డులో మన బ్లాకులు 30 లక్షలవి ఉన్నాయి, లాభం 25 శాతం కాబట్టి 7.50 తీసేశాను. అయినా బ్యాలెన్స్ షీట్ కలవట్లేదు. రేపు సార్‌కి ఇవ్వాలి, బాగా టెన్షన్‌గా ఉంది.

జగిత్యాల అకౌంటెంట్: మైనారిటీది 20 శాతం కదా, లాభంలో 80 శాతమే కొట్టేయాలి.

కాజీపేట సీఏ: లేదు, లాభం మొత్తం తీసేయాలి. ఇక్కడ అమ్మింది మాతృ కంపెనీ, అందుకే భారమంతా దానిదే. అనుబంధ కంపెనీ అమ్మి ఉంటే అప్పుడు మైనారిటీ మీదా కొంత పడేది. తమ్మీ, 25 శాతం ఖరీదు మీదనా, అమ్మకం ధర మీదనా? మార్చి 31న ఏదైనా ట్రైలర్ దారిలో ఉందా?

పెద్దపల్లి: ‘మైనారిటీ’ అనడం ఇప్పుడు లేదు, ‘నాన్ కంట్రోలింగ్’ అనాలి.

కాజీపేట సీఏ: ఏఎస్ 21లో మైనారిటీ అనే ఉంది. చిన్న గ్రూప్‌కి వర్తించేది అదే.

మంచిర్యాల: మేము గ్రూప్‌లోనే జేసీబీ అమ్మాం. దాని తరుగుదల ఎలా సరిచేయాలో చెప్పండి.

హన్మకొండ ఆర్టికల్: ఖరీదు మీద 25 సార్. గేటు రిజిస్టర్ చూశాను. ఒక ట్రైలర్ 31 రాత్రి బయల్దేరి 1న చేరింది. ఇన్వాయిస్ 5 లక్షలు, జీఎస్టీ 60 వేలు.

కాజీపేట సీఏ: నీ తేడా అదే. సరుకు క్వారీ దగ్గరే చేతులు మారుతుందని ఒప్పందంలో ఉంటే, పాలిషింగ్ వాళ్ల వైపు దారిలో సరుకు 5 లక్షలు, ఇన్‌పుట్ క్రెడిట్ 60 వేలు, బాకీ 5.60 చూపించు. అప్పుడు రెండు వైపులా 48 కొట్టేయొచ్చు. చేరాకే మారుతుందని ఉంటే క్వారీ అమ్మకాన్నే వెనక్కి తీసుకోవాలి. ఎటు చూసినా కన్సాలిడేటెడ్ స్టాకులో ఆ రాయి 4 లక్షలకే ఉండాలి. ఇక లాభం సంగతి. ఖరీదు మీద 25 అంటే అమ్మకం ధరలో ఐదో వంతు. యార్డులో 30, దారిలో 5, కలిపి 35 లక్షలకు 7 లక్షలు.

జగిత్యాల అకౌంటెంట్: ఇదంతా ఎందుకు? 5.60 సస్పెన్స్‌లో పెట్టేస్తే సరిపోదా?

కాజీపేట సీఏ: కుదరదు. బ్లాకు మీద పసుపు పెయింటుతో రాసిన నంబరును ఇన్వాయిస్‌తో కలిపి చూడండి. ఆడిట్ ఫైల్లో ఉండాల్సిన సాక్ష్యం అది. తమ్మీ, కోసిన స్లాబులు ఎన్ని మిగిలాయి? వాటి రాయి ఖరీదులోనూ మన లాభం ఉంటుంది. కోత, పాలిష్ ఖర్చు మాత్రం ముట్టుకోకు. పోయిన ఏడాది తీసేసిన లాభం ఎంత?

హన్మకొండ ఆర్టికల్: స్లాబుల లెక్క నా దగ్గర లేదు సార్, పొద్దున అడుగుతా. 48 మాత్రం కలిసింది. థాంక్స్.

మంచిర్యాల: జేసీబీ సంగతి?